నాయినకు ఇండియన్ సీటు తీసి కమోడ్ పెట్టించాలి, కింద పాత ట్రాప్ ఉంచాలా తీసేయాలా?

నల్లగొండ_శ్రీను (శనివారం ఉదయం 7:40)

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ, 1998లో నాయిన కట్టించిన ఇల్లు. ఆయనకు 74, అమ్మకు 69. నాయిన పుట్టి పెరిగింది మర్రిగూడ వైపు, చిన్నప్పటి నుంచి అక్కడి ఫ్లోరైడ్ నీళ్లే తాగాడు. ఇప్పుడు మోకాళ్లు, నడుము పూర్తిగా బిగుసుకుపోయాయి. పోయిన వారం లెట్రిన్‌లో కూర్చుని లేవలేక పక్కనున్న నల్లా పట్టుకుంటే అది ఊడి చేతిలోకి వచ్చింది, గోడకు ఒరిగి అలాగే ఉండిపోయాడు. అమ్మ ఒక్కతే ఉంది, లేపలేకపోయింది. పక్కింటి వాళ్లు వచ్చి లేపేసరికి పావుగంట పట్టింది. నేను హైదరాబాద్ నుంచి ఆ రాత్రికే వచ్చాను, ఇక ఆలస్యం చేయొద్దు అనుకున్నాను.

ఇద్దరు ప్లంబర్లను పిలిచాను. ఒకాయన, సీటు తీసేసి అదే బొక్క మీద కమోడ్ కూర్చోబెడతా, సగం రోజు పని, కూలి 3,500 అన్నాడు. ఇంకొకాయన, గద్దె మొత్తం పగలగొట్టి కింద ట్రాప్ తీసి లైన్ మార్చాలి, రెండు మూడు రోజులు పడుతుంది, సామాను కాకుండా 14,000 అవుతుంది అన్నాడు. డబ్బు కోసం అడగడం లేదు. నిజంగా అవసరమా లేదా అన్నది తెలియాలి. బాత్రూమ్ కింది అంతస్తులోనే ఉంది, సెప్టిక్ ట్యాంక్ ఇంటి వెనక ఉంది.

సూర్యాపేట_రవి (శనివారం ఉదయం 8:15)

శ్రీను గారు, మొదటాయన చెప్పిందే సరి. ట్రాప్ తీసేస్తే సెప్టిక్ ట్యాంక్ వాసన, బొద్దింకలు అన్నీ ఇంట్లోకి వస్తాయి. ట్రాప్‌లో నిలిచే నీళ్లే వాసనను ఆపుతాయి కదా. మా మేనమామ ఇంట్లో అలాగే సీటు తీసి దాని మీదే పెట్టారు, బాగానే ఉంది.

హాలియా_టీచర్ (శనివారం ఉదయం 8:50)

ఇదంతా ఎందుకు, మధ్యలో రంధ్రం ఉన్న స్టీలు కుర్చీ దొరుకుతుంది, మెడికల్ షాపుల్లో అడగండి, సీటు మీద వేసుకుంటే సరిపోతుంది. మా అత్తమ్మకు నాలుగేళ్లుగా అదే.

నల్లగొండ_శ్రీను (శనివారం ఉదయం 9:05)

కుర్చీ కొన్నాం మేడం. గద్దె మీద నాలుగు కాళ్లూ పట్టడం లేదు, రెండు కాళ్లు అంచుకు వస్తున్నాయి. నాయిన పక్కకు ఒరిగితే కుర్చీతో సహా పడతాడని భయం. పని జరిగే రెండు రోజులు కింద బకెట్ పెట్టి గదిలో వాడుకోవడానికి మాత్రం ఉంచాను.

పాలమూరు_మేస్త్రి (శనివారం ఉదయం 10:30)

శ్రీను తమ్ముడూ, నేను ఇరవై ఆరేళ్లుగా ఈ పనే చేస్తున్నా, మహబూబ్‌నగర్‌లో. రెండో ప్లంబర్ చెప్పిందే చేయించు.

రవి చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. నీళ్ల అడ్డు కచ్చితంగా ఉండాలి, అది లేకుంటే వాసన వస్తుంది. కానీ ఆ అడ్డు ఒక్కటే ఉండాలి. ఇండియన్ సీటు అంటే కింద రంధ్రం ఉన్న గిన్నె, దానికి సొంత ట్రాప్ ఉండదు, అందుకే గద్దె లోపల వేరే ట్రాప్ పెట్టి పూడుస్తారు. కమోడ్ అలా కాదు. దాని లోపలే వంపు తయారై వస్తుంది, గిన్నెలో మీకు కనిపించే నీళ్లే ఆ అడ్డు. మంచి కమోడ్‌లో ఆ నీళ్ల లోతు 50 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాలు ఉంటుంది. వాసన ఆపడానికి అది చాలు.

ఇప్పుడు కింద పాత ట్రాప్ ఉంచి పైన కమోడ్ పెడితే రెండు చోట్ల నీళ్లు నిలుస్తాయి, ఆ రెండింటి మధ్య పైపులో గాలి ఇరుక్కుంటుంది. ఆ గాలికి పైకి దారి లేదు, కిందికీ దారి లేదు. మీరు ఫ్లష్ కొట్టగానే పైనుంచి వచ్చే నీళ్లు ఆ గాలిని నొక్కుతాయి, అది వెనక్కి తన్నుతుంది. గిన్నెలో నీళ్లు అంచు దాకా లేస్తాయి, గుడగుడమని బుడగలు వస్తాయి, తర్వాత మెల్లగా దిగుతాయి. సీటులో ఉన్నప్పుడు బకెట్ నీళ్లు గుమ్మరిస్తే ఆ జోరుకు ట్రాప్ దాటేది. కమోడ్‌లో ఫ్లష్ ఆరు లీటర్లు, చిన్న బటన్ అయితే మూడు. ఆ కొంచెం నీళ్ల జోరు మొదటి వంపులోనే అయిపోతుంది, రెండో వంపులో మలం ఆగిపోతుంది. కొత్తలో తెలియదు. మూడు నాలుగు నెలలు పోయాక వారానికోసారి జామ్ అవుతుంది, అప్పుడు కమోడ్ మంచిది కాదని కంపెనీని తిడతారు.

ముందు ఈ కొలతలు తీసి పెట్టు. గద్దె ఎత్తు ఎంత? వెనక గోడ టైల్ నుంచి సీటు బొక్క మధ్యకు ఎంత దూరం? బయట చాంబర్ మూత తీసి, బాత్రూమ్ నుంచి వచ్చే పైపు అడుగు బాత్రూమ్ నేల కంటే ఎంత కిందుందో చూడు. నీళ్లు నింపిన లెవెల్ ట్యూబుతో చూస్తే తప్పు రాదు.

దేవరకొండ_లక్ష్మి (శనివారం మధ్యాహ్నం 1:20)

మేస్త్రి గారూ, మీరు రాసింది చదువుతుంటే మా ఇంటి గురించే రాసినట్టుంది. గత ఏడాది మా అత్తమ్మకు కమోడ్ పెట్టించాం. అప్పటి నుంచి అదే గుడగుడ. ఒక్కోసారి ఒక్క ఫ్లష్‌కే పోతుంది, ఒక్కోసారి మూడు సార్లు కొట్టినా తేలుతూనే ఉంటుంది. యాసిడ్ పోశాం, రబ్బరు పంపుతో కొట్టాం. సెప్టిక్ ట్యాంక్ నిండిందేమో అని ట్యాంకర్ పిలిచి ఖాళీ చేయించాం, అయినా మార్పు లేదు. కింద ట్రాప్ తీశారో లేదో మాకు తెలియదు, ఆ మేస్త్రి ఫోన్ ఎత్తడం లేదు. పగలగొట్టకుండా తెలుసుకునే మార్గం ఉందా?

పాలమూరు_మేస్త్రి (శనివారం మధ్యాహ్నం 2:10)

ఉందమ్మా. ముందు చాంబర్ మూత తీయించి అక్కడ ఒకరిని నిలబెట్టండి, లోపల ఇంకొకరు ఫ్లష్ కొట్టాలి. లైన్ బాగుంటే కొన్ని క్షణాల్లోనే నీళ్లన్నీ ఒక్కసారిగా జోరుగా చాంబర్‌లోకి దూకుతాయి. సన్నగా, ఆగి ఆగి వస్తుంటే మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు. కానీ అది ట్రాపా, ఇరుక్కున్న గుడ్డా అన్నది దాన్నిబట్టి చెప్పలేం.

తేల్చుకోవాలంటే కమోడ్ లేపాలి. స్క్రూలతో బిగించి ఉంటే అరగంట పని. లేపాక కింద పైపులోకి టార్చ్ వేసి చూడండి. పైపు పొడిగా కిందికో పక్కకో పోతూ కనిపించాలి. నీళ్లు నిలబడి మెరుస్తుంటే అదే పాత ట్రాప్. సిమెంటుతో పూడ్చి పెట్టి ఉంటే మాత్రం లేపేటప్పుడు కమోడ్ పగిలే ప్రమాదం ఉంది, అది ముందే మనసులో పెట్టుకోండి.

నల్లగొండ_శ్రీను (శనివారం సాయంత్రం 6:00)

అన్నా, కొలతలు తీశాను. గద్దె ఎత్తు 8 అంగుళాలు. వెనక గోడ టైల్ నుంచి బొక్క మధ్యకు 21 అంగుళాలు. చాంబర్ ఆ వెనక గోడకు బయట నాలుగు అడుగుల దూరంలో ఉంది, అక్కడ పైపు అడుగు బాత్రూమ్ నేల కంటే 10 అంగుళాలు కింద ఉంది. పైపు గోధుమ రంగు మట్టి పైపు, నునుపుగా మెరుస్తోంది.

పాలమూరు_మేస్త్రి (శనివారం రాత్రి 8:45)

బాగా తీశావు తమ్ముడూ. నీ పని సులువే.

21 అంగుళాల దగ్గర బొక్క ఉంది కాబట్టి దాని మీదే కమోడ్ పెడితే కమోడ్‌కు, గోడకు మధ్య అడుగు ఖాళీ వస్తుంది. ముందు వైపు తలుపుకు దగ్గరై నాయినకు కాళ్లు పెట్టుకునే చోటు ఉండదు, ట్యాంకు వెనక ఆనుకోవడానికి గోడ ఉండదు. నేల మీదికి దిగే కమోడ్‌లో ఎక్కువ దొరికేది 9 అంగుళాలది, అంటే తయారైన గోడ నుంచి పైపు మధ్యకు 9. పన్నెండువి కూడా ఉంటాయి, నాలుగువి కూడా. కొనే ముందు అట్ట పెట్టె మీద ఆ కొలత చూసుకో. నీ లైన్ వెనక గోడ కిందుగానే బయటికి పోతోంది కాబట్టి పాత ట్రాప్ తీసి లైన్‌ను వెనక్కి కుదించి, గోడకు 9 అంగుళాల దగ్గర ఒక బెండ్ పైకి లేపితే చాలు. ఈ 9 టైల్ నుంచి లెక్క. టైల్స్ కూడా మారుస్తున్నారంటే పచ్చి గోడ నుంచి ఇంకో అంగుళం దాకా కలపాలి. అది మరిచిపోయి పెడితే చివర్లో ట్యాంకు గోడకు తగిలి కమోడ్ పైపు మీద కూర్చోదు.

చాంబర్ దగ్గర 10 అంగుళాలు కిందుంది అన్నావు. నాలుగు అంగుళాల పైపుకు నలభైకి ఒకటి వాలు ఇస్తే, నీ అయిదు అడుగుల లైనుకు అంగుళంన్నర దిగితే చాలు. అంటే గోడ దగ్గర పైపు అడుగు ఎనిమిదిన్నర అంగుళాల కింద ఉంటుంది, బెండ్ నేల కింద హాయిగా ఇముడుతుంది. గద్దె మొత్తం కొట్టేయొచ్చు. పెద్దవాళ్లకు కమోడ్ కంటే ముందు ఆ మెట్టు పోవడమే ముఖ్యం.

మట్టి పైపు మాత్రం ఉంచకు. సుత్తె దెబ్బలకు దాని అతుకులు లోపల పగులుతాయి, పైకి కనిపించవు. చాంబర్ దాకా 110 మిల్లీమీటర్ల పీవీసీ వేయించు.

మిర్యాలగూడ_సాయి (ఆదివారం ఉదయం 7:30)

మాది మొదటి అంతస్తు అన్నా. గద్దె 13 అంగుళాలు ఉంది, రెండు మెట్లు ఎక్కాలి. గద్దె కొట్టేస్తే పైపు స్లాబు మీదే బయటపడుతుంది అంటున్నారు. మరి మాకు ఎలా?

పాలమూరు_మేస్త్రి (ఆదివారం ఉదయం 9:10)

నీకు నేలలోకి దిగే కమోడ్ కుదరదు. వెనక నుంచి గోడలోకి పోయేది తీసుకోవాలి, షాపులో పి ట్రాప్ అని అడుగు. దాని మూతి మధ్య నేల నుంచి దాదాపు 7 అంగుళాల ఎత్తులో ఉంటుంది. గద్దె కొట్టాక గోడలో నీ పైపు మధ్య ఎంత ఎత్తులో ఉందో కొలువు. ఏడు కానీ అంతకంటే తక్కువ కానీ ఉంటే పని అవుతుంది, తేడాను గోడ అవతల బెండ్‌తో దించొచ్చు. ఏడు కంటే పైన ఉంటే మాత్రం నీళ్లు ఎక్కి పోవు, లైన్ కిందికి దించాల్సిందే. కమోడ్ కింద మళ్లీ చిన్న దిమ్మె కడదామని ఎవరైనా అంటే, అమ్మానాన్నల పాదాలు ఎక్కడ ఆనుతాయో ఆలోచించి ఒప్పుకో.

సూర్యాపేట_రవి (ఆదివారం ఉదయం 9:40)

రెండు ట్రాప్‌ల సంగతి నాకు ఇప్పుడు అర్థమైంది. మామయ్య వాళ్లను అడిగాను, వాళ్లు ఇప్పటికీ ఫ్లష్ తర్వాత బకెట్ నీళ్లు కూడా పోస్తారట. అందుకే జామ్ కావడం లేదేమో.

కల్వకుర్తి_రైతుబిడ్డ (ఆదివారం ఉదయం 11:00)

అన్నా, మా ఊర్లో ఇల్లు. ప్రభుత్వ పథకంలో కట్టిన మరుగుదొడ్డి, సెప్టిక్ ట్యాంక్ కాదు, రెండు గుంతలు, ఉంగరాలు దించినవి. మా అవ్వ కోసం దానికి కమోడ్ పెట్టొచ్చా?

పాలమూరు_మేస్త్రి (ఆదివారం మధ్యాహ్నం 12:30)

దీనికి అవునని గట్టిగా చెప్పలేను తమ్ముడూ. ఆ గుంతలు ఒకటిన్నర, రెండు లీటర్లు పోసే సీటు కోసం లెక్కేసి తవ్వినవి. అందుకే ఆ సీటు వాలు ఎక్కువ, ట్రాప్‌లో నీళ్లు 20 మిల్లీమీటర్లే. కమోడ్ పెడితే ప్రతిసారీ మూడు లీటర్లో ఆరు లీటర్లో పోతాయి. గుంత నీళ్లను మట్టి పీల్చాలి. ఎర్ర చెల్క నేల అయితే కొంత నయం, నల్లరేగడిలో వానాకాలం గుంత నిండి వెనక్కి తన్నిన ఇళ్లు చూశాను. ఇంట్లో ఎందరు వాడతారు?

కల్వకుర్తి_రైతుబిడ్డ (ఆదివారం మధ్యాహ్నం 12:50)

ఆరుగురం. నేల నల్లరేగడే.

పాలమూరు_మేస్త్రి (ఆదివారం మధ్యాహ్నం 1:15)

అయితే మిగతా వాళ్లు పాత సీటే వాడేలా, అవ్వ ఒక్కదానికి వేరే ఏర్పాటు చేయగలరేమో చూడండి. ఉన్న సీటు తీసేయమని మాత్రం నేను చెప్పను. రెండు గుంతలకు కమోడ్ పెట్టి రెండు మూడు వానాకాలాలు గడిపిన వాళ్లు ఎవరైనా ఇక్కడ ఉంటే చెప్పండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.

హాలియా_టీచర్ (ఆదివారం సాయంత్రం 5:20)

శ్రీను గారు, ఎత్తు గురించి ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లకు ఎత్తు కమోడ్ తీసుకోండి, పద్దెనిమిది అంగుళాలది. లేవడం సులువు.

నల్లగొండ_శ్రీను (ఆదివారం సాయంత్రం 6:40)

అదే ఆలోచిస్తున్నా మేడం. నాయిన పొడగరి, ఆయనకు 18 బాగుంటుంది. అమ్మ నాలుగు అడుగుల పది అంగుళాలు, ఆమెకు పాదాలు నేలకు ఆనవు.

దేవరకొండ_లక్ష్మి (ఆదివారం రాత్రి 7:30)

మేము అదే తప్పు చేశాం. ఎత్తుది తెచ్చాం, అత్తమ్మ పాదాలు గాల్లో వేలాడతాయి, తొడలు మొద్దుబారుతున్నాయి అంటుంది. పీట వేస్తే లేచేటప్పుడు అది జారుతోంది.

పాలమూరు_మేస్త్రి (ఆదివారం రాత్రి 8:00)

ఇంట్లో ఉన్న కుర్చీలన్నింటి మీదా ఇద్దరినీ కూర్చోబెట్టి చూడు. ఎవరి సాయం లేకుండా ఏ కుర్చీ నుంచి లేస్తున్నారో, అప్పుడు పాదాలు పూర్తిగా నేల మీద ఉన్నాయో లేదో చూసి ఆ ఎత్తు కొలువు. మూత పట్టీతో కలిపి కమోడ్ ఎత్తు అంతే ఉండాలి. ఇద్దరికీ కుదరకపోతే పొట్టివాళ్లకు సరిపోయే ఎత్తు పెట్టి, పొడుగువాళ్లకు పట్టుకునే రాడ్ ఇవ్వాలి. రాడ్ బిగించే గోడ ఏదో చూసుకో. నాలుగున్నర అంగుళాల గోడ అయితే ప్లాస్టిక్ ప్లగ్గులు నమ్మొద్దు, అవతలి దాకా బోల్టు వేసి వెనక పట్టీ పెట్టించు. ఊడిన నల్లా సంగతి గుర్తుంది కదా, మనిషి మొత్తం బరువు ఒక్కసారిగా దాని మీదే పడుతుంది.

నల్లగొండ_శ్రీను (తర్వాతి శనివారం రాత్రి 9:15)

పని అయిపోయింది, వివరంగా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది.

మొదటి రోజు గద్దె కొట్టారు. ట్రాప్ బయటికి తీసి చూస్తే దాని అడుగున సున్నం పేరుకుని సగం మూసుకుపోయి ఉంది, మా బోరు నీళ్లు అంత గట్టివి. మట్టి పైపు గోడ కింద అతుకు దగ్గర ఎప్పుడో పగిలింది, చుట్టూ మట్టి నల్లగా తడిగా ఉంది. ఇన్నేళ్లుగా ఆ గోడకు చెమ్మ ఎందుకు ఎక్కుతోందో అప్పుడు తెలిసింది. మేస్త్రి అన్న చెప్పినట్టు చాంబర్ దాకా పీవీసీ వేయించాం. బెండ్ 9 అంగుళాలకు లేపాం. పూడ్చక ముందే బకెట్‌లో ఆరు లీటర్లు కొలిచి, నలిపిన కాగితాలు వేసి గబుక్కున పోశాం. చాంబర్ దగ్గర అమ్మ నిలబడింది, ఒక్కసారే వచ్చేశాయిరా అని కేక వేసింది.

ట్యాంకుకు నీళ్ల లైన్ కొత్తగా లాగాలి. ముందు అక్కడ మోకాలి ఎత్తులో నల్లా ఒక్కటే ఉండేది. నేల నుంచి 8 అంగుళాల ఎత్తులో ఎడమ పక్కన యాంగిల్ కాక్ ఇచ్చి ట్యాంకుకు కలిపారు, అక్కడి నుంచే జెట్‌కు ఇంకో లైన్ తీశారు. అమ్మ జెట్ వద్దంది, ఆమెకు మగ్గే అలవాటు. అందుకే నల్లా తీసేయకుండా కూర్చుంటే చేతికందేలా కుడి గోడకు మార్చాం. రాడ్ వేరుగా ఉంది కాబట్టి ఇక ఎవరూ నల్లా పట్టుకుని లేవరు.

కమోడ్‌ను సిమెంటులో కూర్చోబెడతానని ఇక్కడ పని చేసిన మేస్త్రి పట్టుబట్టాడు, నేను ఒప్పుకోలేదు. ప్లగ్గులు, స్క్రూలు వేసి, చుట్టూ సిలికాన్ పెట్టి, వెనక పక్క మాత్రం కొంచెం వదిలేశాం. రేపు కింద జాయింట్ కారితే నీళ్లు అక్కడి నుంచి బయటికి కనిపిస్తాయి. సిలికాన్ ఆరడానికి ఒక రోజు వాడలేదు. ఎత్తు పట్టీతో కలిపి 17. మొత్తం మూడు రోజులు, టైల్స్‌తో సహా 38,000 దాకా అయింది.

నాయిన నిన్న ఒక్కడే వెళ్లి ఒక్కడే వచ్చాడు.

ఒక్క సందేహం మిగిలింది. ట్యాంకు నిండాక కూడా గిన్నెలోకి సన్నగా నీళ్లు జారుతున్నాయి, రాత్రి నిశ్శబ్దంలో వినిపిస్తోంది. కొత్తదే కదా?

పాలమూరు_మేస్త్రి (తర్వాతి శనివారం రాత్రి 9:50)

సంతోషం తమ్ముడూ. ట్యాంకులో కొంచెం పసుపు కలిపి పది నిమిషాలు ఫ్లష్ కొట్టకుండా చూడు, గిన్నెలోకి రంగు దిగితే ట్యాంకు నుంచే కారుతున్నట్టు. ఆ తర్వాత ట్యాంకు మూత తీసి నీళ్ల మట్టం చూడు. మధ్య గొట్టం అంచు మీదుగా పొర్లుతుంటే ఫ్లోట్ కొంచెం కిందికి తిప్పుకో. మట్టం తక్కువగా ఉన్నా జారుతుంటే అడుగు రబ్బరు కింద ఇసుకో పైపు ముక్కో చిక్కింది, కొత్త లైన్లో అది మామూలే. తీసి కడిగితే పోతుంది. మీ నీళ్లకు ఆ రబ్బరు మీద సున్నం కూడా తొందరగా కడుతుంది, అప్పుడప్పుడు తుడవాలి.

దేవరకొండ_లక్ష్మి (ఆదివారం ఉదయం 11:30)

మేస్త్రి గారూ, ఇవాళ మా మరిది, ఇంకో ప్లంబర్ కలిసి కమోడ్ లేపారు. పగలలేదు. టార్చ్ వేసి చూస్తే జానెడు కింద నీళ్లు నిలబడి ఉన్నాయి, అందులో అగరబత్తి పెట్టె ముక్క కూడా తేలుతోంది. పాత ట్రాపే. రేపు ఉదయం కొట్టడం మొదలుపెడతారు. మాది కింది అంతస్తే, గద్దె లేదు, బొక్క గోడకు 19 అంగుళాలు. చాంబర్ దగ్గర ఇంకా కొలవలేదు.

పాలమూరు_మేస్త్రి (ఆదివారం ఉదయం 11:45)

సుత్తె పట్టుకునే ముందే చాంబర్ కొలత తీయించండమ్మా. ఆ అంకె ఇక్కడ రాయండి, సాయంత్రం చూస్తాను.